పైపులో ఇసుక మేట వేయకుండా: స్లర్రీ వేగాన్ని ఎలా నిర్ణయించాలి

ఇసుక కలిసిన నీటిని, అంటే స్లర్రీని, పైపులో పంపవలసి వచ్చినప్పుడు, ఎందుకైనా మంచిదని ఒక సైజు పెద్ద పైపు వేయడం చాలాచోట్ల కనిపించే అలవాటు. మంచినీటి పథకాలలో ఇది సరైన జాగ్రత్తే, ఎందుకంటే పైపు పెద్దదైతే రాపిడి తగ్గి పంపుకు పని తేలికవుతుంది. ఇసుకతో కూడిన నీటి విషయంలో మాత్రం ఇదే జాగ్రత్త పైపు పూడిపోవడానికి కారణమవుతుంది. వంశధార, నాగావళి ఒడ్డున పొలాలున్నవారికి దీని కారణం వేరుగా చెప్పనవసరం లేదు. వరద నీరు ఇరుకైన పాయలో ఉరుకుతున్నంతసేపు ఇసుకను మోసుకుపోతుంది. గట్టు దాటి పొలం మీద విస్తరించి నెమ్మదించగానే ఆ ఇసుకను అక్కడే దించి మేట వేస్తుంది. అదే నీటిని వెడల్పైన పైపులోకి మళ్లిస్తే జరిగేదీ అదే.

కాబట్టి స్లర్రీ పైపు ఎంపికలో మొదట తేల్చవలసింది పైపు సైజు కాదు. ఏ వేగం కన్నా తగ్గితే రేణువులు పైపు అడుగున కదలకుండా నిలిచిపోతాయో ముందుగా తేల్చాలి. ఈ వ్యాసంలో దానిని మేట వేగం అంటాను. ఒక్క ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా లెక్కవేస్తే విషయం స్పష్టంగా బోధపడుతుంది.

శ్రీకాకుళం జిల్లా గార మండలంలో కళింగపట్నం దగ్గరి తీరపు ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్, సిల్లిమనైట్ వంటి బరువైన ఖనిజాలు ఉన్నాయి. ఇలాంటి ఇసుకను నీటితో కలిపి స్పైరల్స్ మీదుగా, అంటే చుట్లు చుట్లుగా కిందికి దిగే కాలువల మీదుగా పారిస్తే బరువైన ఖనిజాలు లోపలి అంచుకు చేరి విడిపోతాయి. మిగిలిన తెల్లని క్వార్ట్జ్ ఇసుకను, అంటే టైలింగ్స్‌ను, తవ్విన గుంటలోకే తిరిగి పంపి నేలను పూడ్చాలి. ఆ తీరంలో అటువంటి ప్లాంటు ఒకటి ఉందని, దాని నుంచి గంటకు 120 టన్నుల పొడి ఇసుకను 1,200 మీటర్ల దూరంలోని గుంటకు చదునైన నేల మీదుగా పంపాలని అనుకుందాం. ఇది లెక్క కోసం నేను కల్పించుకున్న ప్లాంటు. ఇసుక రేణువు మధ్యస్థ పరిమాణం 0.2 మిల్లీమీటర్లు, అంటే బరువులో సగం ఇసుక దీనికన్నా సన్నగానూ సగం ముతకగానూ ఉంటుంది. స్లర్రీ బరువులో ఇసుక వాటా 30 శాతం.

120 టన్నుల క్వార్ట్జ్ ఇసుక, సాంద్రత 2.65 కనుక, 45.3 ఘనపు మీటర్ల చోటు తీసుకుంటుంది. దానితోపాటు వెళ్లవలసిన నీరు 280 ఘనపు మీటర్లు. మొత్తం గంటకు 325 ఘనపు మీటర్లు, అంటే సెకనుకు 0.0904 ఘనపు మీటర్లు. బరువులో 30 శాతమైన ఇసుక ఘనపరిమాణంలో 13.9 శాతమే అవుతుంది. ఈ రెండు శాతాలను ఒకదానికి బదులు మరొకటి వాడటం తరచుగా జరిగే పొరపాటు. మేట వేగం లెక్కలో పనికివచ్చేది రెండవది.

నిలకడగా ఉన్న నీటిలో 0.2 మిల్లీమీటర్ల ఇసుక రేణువు సెకనుకు సుమారు 2.3 సెంటీమీటర్ల చొప్పున కిందికి దిగుతుంది. లోపలి వ్యాసం 200 మిల్లీమీటర్లున్న పైపులో మన స్లర్రీ సెకనుకు 2.88 మీటర్ల వేగంతో ప్రవహిస్తుంది. పైకప్పు దగ్గర బయలుదేరిన రేణువు అడుగుకు చేరడానికి 9 సెకన్లలోపే పడుతుంది, ఆ వ్యవధిలో అది దాదాపు 25 మీటర్లు మాత్రమే ముందుకు వెళ్తుంది. అంటే ప్రవాహంలో సుడులే లేకపోతే మొదటి 25 మీటర్లలోనే ఇసుక అంతా అడుగున చేరి ఉండేది. రేణువులను పైకి లేపి ఉంచేవి ఆ చిన్నచిన్న సుడులే, వాటి బలం ప్రవాహ వేగాన్ని బట్టి ఉంటుంది. వేగం బాగా ఎక్కువగా ఉన్నప్పుడు ఇసుక పైపు అంతటా దాదాపు సమంగా పరుచుకుంటుంది. తగ్గేకొద్దీ అడుగున చిక్కబడుతుంది, తరువాత అడుగు పొర జారుతూ కదులుతుంది, చివరకు ఆ పొర నిలిచిపోతుంది. ఆ చివరి దశ మొదలయ్యే వేగమే మేట వేగం.

దీనిని అంచనా వేయడానికి 1950 దశకం ఆరంభంలో ఫ్రాన్సులో డ్యూరాండ్, కొండోలియోస్ ఇసుకతో, గులకతో చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన సూత్రాన్ని నేటికీ మొదటి లెక్కగా వాడుతున్నారు.

```
V_L = F_L × sqrt(2 × g × D × (S − 1))
```

ఇందులో V_L మేట వేగం, g గురుత్వ త్వరణం 9.81, D పైపు లోపలి వ్యాసం మీటర్లలో, S ఘనపదార్థం నీటికన్నా ఎన్ని రెట్లు బరువో తెలిపే సంఖ్య. F_L రేణువు పరిమాణాన్నీ గాఢతనూ బట్టి చార్టు నుంచి చదువుకోవలసిన గుణకం. రేణువు 2 మిల్లీమీటర్లు దాటితే అది 1.34 దగ్గర స్థిరపడుతుంది, సన్నబడేకొద్దీ తగ్గుతుంది. మన ఇసుకకు, మన గాఢతకు 1.04 తీసుకోవచ్చు. ఈ చార్టులలో రెండు రకాలున్నాయని మరచిపోకూడదు. రేణువులన్నీ దాదాపు ఒకే పరిమాణంలో ఉన్న పదార్థానికి ఒక చార్టు, సన్నం, ముతక బాగా కలిసి ఉన్నదానికి తక్కువ విలువలు ఇచ్చే మరొక చార్టు. తీరపు ఇసుకను అలలూ గాలీ ఎప్పుడో జల్లెడ పట్టి ఉంచాయి కనుక దానికి మొదటి చార్టే తగినది. గనిలో రాయిని పగలగొట్టి నూరిన టైలింగ్స్‌కు అది వర్తించదు.

సూత్రంలో అందరూ గమనించవలసినది D స్థానం. పైపు పెద్దదైతే అవసరమైన వేగం పెరుగుతుంది, అదే సమయంలో అదే ప్రవాహానికి ఉన్న వేగం తగ్గుతుంది. రెండూ ఎదురెదురు దిశలలో కదలడం వల్ల ఒక్క సైజు తేడాతో పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. లోపలి వ్యాసం 150 మిల్లీమీటర్లయితే మన స్లర్రీ వేగం 5.1 మీటర్లు, మేట వేగం 2.3 మీటర్లు. మేట భయం లేదు కానీ అంత వేగంలో ఇసుక వంపులను త్వరగా అరగదీస్తుంది, రాపిడి కూడా 200 మిల్లీమీటర్ల పైపుతో పోలిస్తే నాలుగు రెట్లకు పైగా ఉంటుంది. 200 మిల్లీమీటర్లయితే వేగం 2.88, మేట వేగం 2.65. గట్టెక్కుతాం, మిగులు మాత్రం సెకనుకు పావు మీటరు కూడా లేదు. 250 మిల్లీమీటర్లయితే వేగం 1.84కు పడిపోతుంది, మేట వేగం 2.96కు చేరుతుంది. మొదటి రోజునే ఇసుక అడుగున పరుచుకుంటుంది.

ఇక్కడ ఒక సందేహం న్యాయమైనదే: ఈ సూత్రం అంత నమ్మదగినదా? తరువాతి కాలంలో వచ్చిన సూత్రాలు, ముఖ్యంగా వాస్ప్ పేరుతో వాడుకలో ఉన్నది, రేణువుకూ పైపుకూ మధ్య నిష్పత్తిని కూడా లెక్కలోకి తీసుకుంటాయి. అదే 200 మిల్లీమీటర్ల పైపుకు, అదే ఇసుకకు వాస్ప్ సూత్రం ఇచ్చే విలువ 1.74 మీటర్లు మాత్రమే. ఒకటి 2.65, మరొకటి 1.74. ఇంత తేడా ఉన్నప్పుడు రెండింటి సగటు తీసుకుని ఊరుకోవడం నాకు సమ్మతం కాదు. మన పదార్థానికి దగ్గరైన ప్రయోగాల నుంచి పుట్టిన సూత్రాన్ని ఆధారంగా పెట్టుకోవాలి, పెద్ద పథకమైతే అసలు ఇసుకనే తెచ్చి పరీక్షా పైపులో తిప్పి చూడాలి. అయితే ఒక విషయంలో ఈ రెండు సూత్రాలకూ భేదం లేదు. 250 మిల్లీమీటర్ల పైపుకు ఉదారంగా ఉన్న వాస్ప్ సూత్రం కూడా 1.87 మీటర్లు కావాలంటుంది, మన దగ్గర ఉన్నది 1.84.

ఇప్పటి దాకా చెప్పినవన్నీ లోపలి వ్యాసాలు. కొనుగోలు చీటీలో రాసే సైజు వేరు, అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపును బయటి వ్యాసంతో పిలుస్తారు. బయటి వ్యాసం గోడ మందానికి సుమారు 11 రెట్లుండే ఎస్‌డీఆర్ 11 తరగతి పైపు తీసుకుంటే, 250 మిల్లీమీటర్ల పైపు గోడ 22.7 మిల్లీమీటర్లు ఉంటుంది కనుక లోపల మిగిలేది 204.6. 225 పైపులో లోపల మిగిలేది 184. దుకాణంలో 200 అని అడిగి తెచ్చుకుంటే లోపల ఉండేది 163.6 మాత్రమే. అందువల్ల 200 లోపలి వ్యాసం కావాలనుకున్నవారు దగ్గరగా ఉందని 250 పైపును ఎంచుకుంటారు. అందులో వేగం 2.75, మేట వేగం 2.68. నాలుగున్నర మిల్లీమీటర్ల తేడా, ఉన్న కొద్దిపాటి మిగులులో మూడింట రెండు వంతులు తినేసింది. కాగితం మీద లెక్క కుదిరింది కనుక సరిపోతుందని సంతకం పెట్టే చోటు ఇదే. పంపు ఇంపెల్లర్ కొన్ని నెలలు అరిగితే ప్రవాహంలో రెండు మూడు శాతం తగ్గడం మామూలు విషయం. ఆ తగ్గుదలతోనే ఈ పైపు మేట వేగం కిందికి దిగిపోతుంది.

225 పైపు తీసుకుంటే వేగం 3.4, మేట వేగం 2.54. మిగులు మూడో వంతుకు కాస్త పైనే. నేనైతే దీనినే ఎంచుకుంటాను. దీనికి చెల్లించవలసిన మూల్యం ఉంది. కేవలం నీటి రాపిడినే లెక్కవేస్తే 1,200 మీటర్లకు 250 పైపులో సుమారు 28 మీటర్ల హెడ్, అంటే అంత ఎత్తుకు ఎత్తగల ఒత్తిడి, సరిపోతుంది, 225 పైపులో 48 మీటర్లు కావాలి. ఈ 20 మీటర్ల తేడా, పంపు సామర్థ్యం 65 శాతమనుకుంటే, 33 కిలోవాట్ల అదనపు శక్తి. రోజంతా నడిచే పంపుకు ఇది చిన్న ఖర్చు కాదు, అందుకే కరెంటు బిల్లు చూసినవారు పెద్ద పైపు వైపే మొగ్గుతారు. కానీ మిగులు లేని పైపులో రాపిడి నీటి లెక్క ప్రకారం ఉండదు. అడుగు పొర జారుతున్న దశలో ఇసుక పైపు గోడకు ఒరుసుకోవడం వల్ల రాపిడి బాగా పెరుగుతుంది, కనుక నిజమైన ఆదా ఆ 33 కిలోవాట్లకన్నా తక్కువే. 250 పైపునే ఉంచి నీరు పెంచి వేగం రాబట్టడం మరో దారి. సెకనుకు 3.2 మీటర్లు కావాలంటే గంటకు 54 ఘనపు మీటర్ల నీరు అదనంగా కలపాలి. తీరంలో ఉప్పునీరు బావులలోకి చొరబడకుండా భూగర్భ జలాన్ని పొదుపుగా తోడుకోవలసిన ఊళ్లలో ఆ నీరు తిరిగి పూర్తిగా ప్లాంటుకు చేరుతుందన్న నమ్మకం ఉంటేనే అది మంచి దారి అవుతుంది.

మేట వేగం కిందికి దిగితే ఏమవుతుందో కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే పైపు పూడిపోయే తీరు చాలామంది అనుకునే దానికన్నా వేరు. నీరు మాత్రమే ఉన్న పైపులో వేగం తగ్గితే రాపిడి కూడా తగ్గుతూనే ఉంటుంది. స్లర్రీలో అలా కాదు. వేగం తగ్గేకొద్దీ రాపిడి ఒక కనిష్ఠ స్థానం దాకా తగ్గి, ఆ తరువాత మళ్లీ పెరుగుతుంది, ఎందుకంటే అడుగున చేరిన ఇసుక దారిని ఇరుకు చేసి గోడను ఒరుస్తుంది. సెంట్రిఫ్యూగల్ పంపుకు రాపిడి పెరిగితే ప్రవాహం తగ్గుతుంది. ప్రవాహం తగ్గితే మేట పెరుగుతుంది, మేట పెరిగితే రాపిడి ఇంకా పెరుగుతుంది. ఆ వలయం ఒకసారి మొదలైతే తనంతట తాను ఆగదు. దారి ఇరుకైనందువల్ల పైన వేగం పెరిగి మేట కొట్టుకుపోతుందని కొందరు వాదిస్తారు. పిస్టన్ పంపులా ఎదురొత్తిడి ఎంత ఉన్నా అదే ప్రవాహాన్ని తోసే పంపు ఉన్నప్పుడు ఆ మాట నిజం. మన ప్లాంటులలో సాధారణంగా ఉండే సెంట్రిఫ్యూగల్ పంపుతో ఆ భరోసా లేదు.

ఈ స్థితిని ముందుగా పసిగట్టడానికి రెండు సూచికలను కలిపి చదవాలి. పంపు వేగం మార్చకుండానే డెలివరీ వైపు ప్రెషర్ గేజ్ మెల్లగా పెరుగుతూ, మోటారు ఆంపియర్లు తగ్గుతూ ఉంటే, పైపులో మేట మొదలైందని అనుమానించాలి. ఆంపియర్లు తగ్గడాన్ని శుభసూచకంగా భావించి షిఫ్టు దిగిపోయిన సందర్భాన్ని నేను ఒక పనిచోట చూశాను. మరుసటి ఉదయం పైపును ఫ్లాంజ్ ఫ్లాంజ్‌గా విప్పి ఇసుకను గునపాలతో తవ్వి తీయవలసి వచ్చింది. ప్రెషరూ ఆంపియర్లూ రెండూ కలిసి తగ్గితే తప్పు పైపులో లేదు, పంపు అరుగుదలలోనో సంప్‌లో నీరు తగ్గి గాలి లాగడంలోనో ఉంది. రెండూ కలిసి పెరిగితే స్లర్రీ చిక్కబడింది. ఫ్లో మీటర్ ఉంటే మేలు, కానీ దానిని నిలువు పైపులో బిగించాలి. అడ్డంగా ఉన్న పైపులో మీటర్ అడుగున మేట చేరితే అది తగ్గిన దారిని గుర్తించలేక అసలుకన్నా ఎక్కువ ప్రవాహం చూపవచ్చు.

రోజువారీ నడకలో మేటకు ఎక్కువగా దారితీసేది ప్లాంటు తక్కువ లోడు మీద నడిచే వేళ. తవ్వకం మందగించి గంటకు 80 టన్నుల ఇసుకే వస్తోందనుకుందాం. గాఢత మారకూడదనే ఆలోచనతో ఆపరేటరు నీటిని కూడా ఆ నిష్పత్తిలో 187 ఘనపు మీటర్లకు తగ్గించి, సంప్ ఖాళీ కాకుండా పంపు వేగం తగ్గిస్తాడు. మొత్తం ప్రవాహం 217 ఘనపు మీటర్లకు పడి, మన 225 పైపులో వేగం 2.27 మీటర్లకు దిగుతుంది. మేట వేగం 2.54 కనుక అంత మిగులుతో ఎంచుకున్న పైపు కూడా ఇప్పుడు పూడిపోతుంది. ఇక్కడ నిలకడగా ఉంచవలసింది గాఢత కాదు, మొత్తం ప్రవాహం. ఇసుక 80 టన్నులకు తగ్గినా నీటిని 295 ఘనపు మీటర్లకు చేర్చి 325ను నిలబెడితే వేగం మారదు. సంప్ మట్టం తగ్గగానే తనంతట తానే నీరు కలిపే వాల్వు ఉంటే ఈ పని మనిషి గుర్తుంచుకోవలసిన అవసరం ఉండదు. పంపు వేగాన్ని మాత్రం ఒక కనిష్ఠ స్థాయి దిగకుండా బిగించి ఉంచాలి.

సూత్రంలోని S గురించి ఒక హెచ్చరిక ఈ తీరానికి ప్రత్యేకంగా వర్తిస్తుంది. ఇల్మెనైట్ సాంద్రత సుమారు 4.7. స్పైరల్స్ సరిగా పనిచేయక టైలింగ్స్‌లోకి నల్ల ఇసుక ఎక్కువగా జారిపోతే, లేదా తాత్కాలికంగా అదే పైపులో వేరుచేసిన బరువైన ఖనిజాన్నే పంపాలని ఎవరైనా తలపెడితే, క్వార్ట్జ్‌కు సరిపోయిన వేగం చాలదు. అదే గుణకంతో లెక్కిస్తే 200 మిల్లీమీటర్ల లోపలి వ్యాసానికి మేట వేగం 2.65 నుంచి దాదాపు 4 మీటర్లకు చేరుతుంది. పైపును ఎప్పుడైనా విప్పినప్పుడు అడుగున సన్నని నల్ల చారిక కనిపిస్తే ముందుగా మేట వేస్తున్నది ఏదో, స్పైరల్స్ దగ్గర పోతున్నది ఏదో రెండూ ఒక్కసారే తెలుస్తాయి.

ఈ లెక్క ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పాలి. రేణువు 0.1 మిల్లీమీటరుకన్నా బాగా సన్నదైతే, లేదా బంకమన్ను కలిసి నీరే చిక్కబడితే, డ్యూరాండ్ సూత్రం దారి చూపలేదు. బైలడిలా ప్రాంతంలోని కిరండూల్ నుంచి విశాఖపట్నం దాకా సుమారు 267 కిలోమీటర్లు సాగే ఇనుప ఖనిజపు స్లర్రీ పైపులైను గురించి మన ప్రాంతం వారు విని ఉంటారు. ఇనుప ఖనిజం క్వార్ట్జ్‌కన్నా ఎంతో బరువైనది, అయినా అలాంటి దూరపు పైపులైన్లు సాధారణంగా సెకనుకు 2 మీటర్లకు అటూఇటూ వేగంతోనే నడుస్తాయి. ఖనిజాన్ని పిండిలా నూరి, చిక్కగా కలిపి పంపడం వల్లనే అది సాధ్యమవుతుంది. ఆ అంకెను చూసి ఇసుక పైపుకూ 2 మీటర్లు చాలనుకోవడం ప్రమాదం. చిక్కటి బంక స్లర్రీలో మరో చిక్కు ఉంది: చిక్కదనం ఇసుకను పట్టి ఉంచుతుందని అనిపిస్తుంది కానీ, సుడులు ఆగిపోయేంత నెమ్మదిగా ప్రవహిస్తే అందులోని ముతక రేణువులు కొన్ని కిలోమీటర్ల దూరంలో మెల్లగా అడుగుకు చేరుతాయి.

చివరిగా, ఎంత బాగా ఎంచుకున్న వేగమైనా పంపు ఆగిన క్షణంలో సున్నా అవుతుంది. కావాలని ఆపేటప్పుడు ఇసుకను ముందు ఆపి, తేటనీటిని అదే ప్రవాహంతో పంపాలి. మన 225 పైపులో పట్టేది 32 ఘనపు మీటర్లు, ఒక చివర నుంచి మరో చివరకు ప్రయాణం 6 నిమిషాలు. ఒకటిన్నర రెట్లు, అంటే 48 ఘనపు మీటర్ల నీటిని 9 నిమిషాలు పంపితే పైపు శుభ్రపడుతుంది. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు ఆ అవకాశం ఉండదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు జిల్లాలో అనేక గ్రామాలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కనుక ఈ తీరంలో ఫ్లషింగ్ పంపుకు డీజిల్ ఇంజను ఉండటం ఆడంబరం కాదు.

అదృష్టవశాత్తు, ఆగిపోయిన పైపు పూడిపోయిన పైపు ఒకటి కావు. 13.9 శాతం ఇసుక అడుగున కుదురుకుంటే పైపు అడ్డుకోతలో సుమారు 23 శాతం మాత్రమే నిండుతుంది, ఎత్తు 50 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. పైన దారి తెరిచే ఉంటుంది. ఈ మాట చదునైన పైపుకే వర్తిస్తుంది. కాలువ గట్టు మీదుగానో రోడ్డు కిందుగానో పైపు నిటారుగా దిగి ఎక్కే చోట ఇసుక పల్లానికి జారి అడ్డంగా కట్ట కట్టేస్తుంది. అటువంటి చోట్ల వాలును మెల్లగా ఉంచాలి, పల్లంలో ఒక డ్రైన్ వాల్వు పెట్టాలి, ఆగిన వెంటనే మొదట దానినే తెరవాలి. తిరిగి నడిపేటప్పుడు సంప్‌లో మిగిలిన స్లర్రీని పంపవద్దు. తేటనీటితో మొదలుపెట్టి, పంపు వేగాన్ని మెల్లగా పెంచుతూ, గుంట దగ్గర ఒక మనిషిని నిలబెట్టాలి. పైపు చివర నీరు మొదట తేటగా, తరువాత ఇసుకతో చిక్కగా, మళ్లీ తేటగా వచ్చిందని అతను ఫోనులో చెప్పిన తరువాతే ఇసుక గేటు ఎత్తాలి.